గ్రీన్ ట్యాగ్ ఉన్నా స్కాఫోల్డింగ్ ఊగుతుంటే: ఏం చూడాలి, ఏం రాయాలి

ట్యాగ్ మీద ఉన్న సంతకం, తనిఖీ చేసిన రోజు స్కాఫోల్డింగ్ ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. అందుకే వాడే ముందు ఒకసారి, తర్వాత ఏడు రోజులకోసారి, పెద్ద వాన, గాలి వచ్చినా, ఎవరైనా మార్పు చేసినా మళ్లీ చూడాలి. గ్రీన్ అంటే ఎక్కొచ్చు. ఎల్లో అంటే ట్యాగ్ మీద రాసిన షరతుతోనే ఎక్కాలి, ఉదాహరణకు హార్నెస్ కట్టుకుని. రెడ్ అంటే ఎవరూ ఎక్కకూడదు.

సమస్య: మూడో అంతస్తు ఎత్తులో నిలబడితే ప్లాట్‌ఫామ్ గోడ నుంచి బయటికి, లోపలికి ఊగుతోంది.

కారణం: ముందు స్కాఫోల్డింగ్‌ను గోడకు పట్టి ఉంచే టైలు లెక్కపెట్టండి. మా సైట్‌లో సోమవారం పొద్దున ఇలాగే ఊగింది. డ్రాయింగ్‌లో ఆ గోడకు ఆరు టైలు ఉంటే, కిందినుంచి చూస్తే నాలుగే కనిపించాయి. కిటికీ అంచు ప్లాస్టరింగ్‌కు అడ్డమొచ్చిందని శనివారం మేస్త్రీలు రెండు విప్పేశారు. విప్పిన క్లాంపులు ప్లాంక్ మీదే పడి ఉన్నాయి. ట్యాగ్ మాత్రం శుక్రవారం తేదీతో గ్రీన్‌గానే ఉంది.

టైలు సరిగ్గా ఉంటే కిందికి రండి. వాన తర్వాత బేస్ ప్లేట్ కింద మట్టి జారి, దాని మీద నిలబడే వర్టికల్, అంటే నిలువు పైపు, గాల్లో వేలాడుతుండొచ్చు. ప్లేటుకూ, దాని కింద నేల మీద పరిచే సోల్ బోర్డు చెక్కకూ మధ్య వెలుతురు కనబడితే అదే కారణం.

పరిష్కారం: మొదట అందరినీ దించండి, రెడ్ ట్యాగ్ పెట్టి నిచ్చెన దారి మూసేయండి. టైని స్కాఫోల్డర్లే మళ్లీ బిగించాలి, మేస్త్రీలు కాదు. కిటికీ దగ్గర పని తప్పదంటే, పాతది విప్పకముందే పక్కన ఇంకో టై వేయించాలి. కుంగిన చోట ఇటుక ముక్క కొట్టి సరిపెట్టొద్దు, బరువుకు అది పగిలిపోతుంది. నీళ్లు మళ్లించి, మట్టి గట్టిపరిచి, పొడవాటి సోల్ బోర్డు వేసి బేస్ జాక్‌తో ఎత్తు సరిచేయాలి. ఆ తర్వాత వర్టికల్స్ నిటారుగా ఉన్నాయో లేదో, ఊగినప్పుడు చుట్టుపక్కల క్లాంపులు వదులయ్యాయో చూడాలి.

రిజిస్టర్‌లో రాయాల్సింది: "టైలు బాగోలేవు" అని రాస్తే రేపు వచ్చే సూపర్‌వైజర్‌కు ఏమీ అర్థం కాదు. ఆ రోజు మేం ఇలా రాశాం:

"బ్లాక్ బి, ఉత్తరం గోడ, ట్యాగ్ నంబరు 14. సోమవారం ఉదయం 7:20. మూడో అంతస్తు కిటికీల దగ్గర 6 టైలలో 2 లేవు. శనివారం ప్లాస్టరింగ్ పనిలో తీశారు. 7:25కు నలుగురిని దించి, రెడ్ ట్యాగ్ పెట్టాం. ప్లాస్టరింగ్, పెయింటింగ్ ఫోర్‌మన్లకు చెప్పాం. ఫోటోలు 3."

బాగుచేశాక ఏం చేశారో, ఎవరు చేశారో, ఎవరు మళ్లీ తనిఖీ చేశారో టైముతో సహా దాని కిందే కొత్త ఎంట్రీగా రాయాలి. అప్పుడే కొత్త గ్రీన్ ట్యాగ్ వేయాలి. పాత ట్యాగ్ మీద తేదీ దిద్దితే, శుక్రవారం నుంచి సోమవారం దాకా ఏం జరిగిందో చెప్పే ఆధారం పోతుంది.