రాత్రిపూట వృషణంలో నొప్పి లేస్తే తెల్లారేదాకా ఆగొద్దు

చలికాలం వస్తోంది. పిల్లాడిని హాస్టల్లో ఉంచిన తల్లిదండ్రులు, ఆ పిల్లల్ని చూసుకునే వార్డెన్లు ముందుగానే తెలుసుకోవాల్సిన విషయం ఇది. వృషణం మెలిపడటాన్ని డాక్టర్లు టార్షన్ అంటారు. ఏ వయసులోనైనా రావచ్చు గానీ 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఎక్కువ. చలి నెలల్లో ఈ కేసులు కాస్త పెరుగుతాయని కొన్ని పరిశీలనల్లో తేలింది. దెబ్బ తగలనక్కర్లేదు, నిద్రలో కూడా జరగొచ్చు.

వృషణానికి రక్తం తెచ్చే నాళాలన్నీ కలిసి ఒక తాడులా పైనుంచి దిగుతాయి. కొంతమందిలో పుట్టుకతోనే వృషణం చుట్టూ ఉన్న పొరకు సరిగా అతుక్కుని ఉండదు. అది గిర్రున తిరిగితే తాడు మెలిపడి రక్తం ఆగిపోతుంది. 6 గంటల్లోపు మెలి విప్పితే చాలామందికి వృషణం దక్కుతుంది. 12 గంటలు దాటేసరికి ఆ అవకాశం బాగా పడిపోతుంది, 24 గంటల తర్వాత దక్కడం అరుదు. ఈ గంటలు లెక్కేసేది నొప్పి మొదలైనప్పటి నుంచి, ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు.

14 ఏళ్ల అబ్బాయి అనుకుందాం. రాత్రి 2 గంటలకు నొప్పితో లేచాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. సిగ్గుతో 'కడుపునొప్పి' అన్నాడు. గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెట్టారు. పొద్దున నిజం చెబితే స్కానింగ్ సెంటర్ తెరిచేదాకా కూర్చున్నారు. 9.30కి స్కాన్, రిపోర్టు పట్టుకుని సర్జన్‌ని వెతికి చేరేసరికి 11. అప్పటికే 9 గంటలు గడిచిపోయాయి. మగపిల్లాడు కడుపునొప్పి, వాంతులు అన్నప్పుడు 'కింద కూడా నొప్పిగా ఉందా నాన్నా?' అని సూటిగా అడిగి ఉంటే 3 గంటలకే ఆసుపత్రిలో ఉండేవాడు. వాడంతట వాడు చెబుతాడని మాత్రం అనుకోకండి.

వెళ్లాల్సింది స్కానింగ్ సెంటర్‌కి కాదు, రాత్రిపూట కూడా ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి. ఫోన్ చేసి యూరాలజిస్టు గానీ సర్జన్ గానీ, మత్తు డాక్టరూ ఉన్నారో లేదో కనుక్కోండి. బండి దొరక్కపోతే 108కి చేయండి. దారిలో పాలు, టీ, ఇడ్లీ ఏవీ పెట్టొద్దు. స్కాన్‌కి పరగడుపు అవసరం లేదు, కానీ ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. మెలి విప్పాలని మీరు చెయ్యి పెట్టొద్దు. తప్పు వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

ఇది అల్ట్రాసౌండ్ స్కాన్, ఇందులో నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. వెల్లకిలా పడుకోబెట్టి, కింద టవల్ పెట్టి, జెల్ రాసి ముందు బాగున్న వైపు చూస్తారు. అక్కడ రక్తం కదలిక రంగులో ఎలా కనబడుతుందో చూసుకుని, అవే సెట్టింగులతో నొప్పి ఉన్న వైపుకి వస్తారు. ఆ వైపు వృషణంలో రంగు లేకపోతే, పైన తాడు సుడి తిరిగి కనబడితే టార్షనే. ఇన్‌ఫెక్షన్ అయితే రంగు మామూలుకన్నా ఎక్కువ కనబడుతుంది. అయితే మెలి సగమే పడితే రక్తం కొంత పారుతూనే ఉంటుంది, స్కాన్ మోసం చేయొచ్చు. అందుకే వృషణం పైకి లాక్కుపోయి, అడ్డంగా తిరిగి ఉంటే సర్జన్ స్కాన్ కోసం ఆగకుండా థియేటర్‌కి తీసుకెళ్తారు. అప్పుడు 'స్కాన్ లేకుండా ఆపరేషనా?' అని అడ్డుపడకండి. లోపల మెలి విప్పి, మళ్లీ తిరగకుండా రెండు వైపులా కుట్లు వేస్తారు. రెండో వైపు కూడా అదే లోపం ఉండే అవకాశం ఉంది కాబట్టి.

వెరికోసీల్, సిస్టు ఇలా తరుముకొచ్చేవి కావు. వెరికోసీల్ అంటే వృషణం పైనున్న సిరలు ఉబ్బడం. ఎక్కువగా ఎడమ వైపే ఉంటుంది. నిలబడితే బరువుగా, లాగినట్టుగా ఉండి పడుకుంటే తగ్గుతుంది. అందుకే స్కాన్‌లో నిలబెట్టి, ముక్కమని కూడా చూస్తారు. పిల్లలు కలగనివారిలో ఇది తరచూ బయటపడుతుంది. పడుకున్నా తగ్గకపోయినా, కుడివైపే కొత్తగా వచ్చినా కడుపు స్కాన్ కూడా చేయిస్తారు, కిడ్నీ దగ్గర ఏదైనా నొక్కుతోందేమోనని. సిస్టు నున్నగా, వృషణానికి విడిగా చేతికి తగిలే నీటి బుడగ. స్కాన్‌లో నల్లగా కనబడుతుంది. ఇబ్బంది పెట్టకపోతే దాని జోలికి వెళ్లరు. వృషణంలోనే గట్టి గడ్డ తగిలితే మాత్రం, నొప్పి లేకపోయినా ఆ వారంలోనే చూపించాలి, అది క్యాన్సర్ కావచ్చు.

ఇంకొకటి. గంటసేపు విలవిలలాడిన పిల్లాడికి నొప్పి ఒక్కసారిగా పోయిందనుకోండి. మెలి తనంతట తాను విడిపోయి ఉండొచ్చు, మళ్లీ పడొచ్చు కూడా. అప్పటికి స్కాన్ నార్మల్‌గా రావొచ్చు. అయినా అదే రోజు యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, నొప్పి ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి పోయింది, ఇంతకుముందు ఎన్నిసార్లు ఇలా వచ్చింది అన్నది చెప్పండి. రిపోర్టు బాగున్నా, ఆ వివరాలను బట్టే ముందుజాగ్రత్తగా కుట్లు వేయాలో లేదో ఆయన నిర్ణయిస్తారు.