రిలే ఒకసారి పడుతుంది, ఇంకోసారి పడదు: తప్పు బేస్ రెసిస్టర్‌ది

ఉప్పల్‌లో మా ట్యాంకు మోటారు కోసం కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 12 వోల్టుల రిలేని బీసీ547 ట్రాన్సిస్టర్‌తో నడిపిస్తే, ఒకసారి టక్‌మని పడేది, ఇంకోసారి కదిలేదే కాదు. ఆన్‌లో ఉన్నప్పుడు కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య మీటర్ పెట్టి చూస్తే 2.5 వోల్టులు! అంటే ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకునే సాచురేషన్‌లోకి వెళ్లనే లేదు, సగం తిప్పిన కుళాయిలా ఉంది. కాయిల్ 400 ఓములు, దానికి 30 మిల్లీఆంపులు కావాలి. నేను పెట్టిన 22 కిలో ఓముల రెసిస్టర్‌తో కంట్రోలర్ బోర్డు 3.3 వోల్టుల పిన్ నుంచి బేస్‌కి వెళ్లేది 0.12 మిల్లీఆంపులు మాత్రమే, బేస్ కరెంటుని ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే గెయిన్ 200 అనుకున్నా కాయిల్‌కి 24 మిల్లీఆంపులు దాటదు. స్విచ్‌గా వాడేటప్పుడు ఆ గెయిన్‌ని నమ్మకుండా లోడ్ కరెంటులో పదో వంతు, అంటే ఇక్కడ 3 మిల్లీఆంపులు, బేస్‌కి ఇవ్వాలి.

`R = (3.3 − 0.7) / 0.003 ≈ 867 Ω`

820 ఓములు పెట్టాను, ఇప్పుడు 0.1 వోల్టే. పిన్ సున్నాకి వస్తే కటాఫ్, అంటే ట్రాన్సిస్టర్ పూర్తిగా మూసుకుంటుంది, మీటర్‌లో పూర్తిగా 12 వోల్టులు. కాయిల్‌కి అడ్డంగా ఉన్న డయోడ్ మాత్రం తీయొద్దు, ఆఫ్ చేసిన క్షణంలో కాయిల్ నుంచి వచ్చే వోల్టేజ్‌కి ట్రాన్సిస్టర్ పోతుంది.