ఫ్యాక్టర్ పెట్టుబడి – 3వ పాఠం: మొమెంటం లెక్కలో చివరి నెలను ఎందుకు వదిలేస్తారు?

గత పాఠంలో ఒడిదుడుకులు తక్కువగా ఉన్న షేర్లను ఏరాం. అక్కడ ధర ఎంత ఊగుతోందో చూశాం, ఎటు వెళుతోందో పట్టించుకోలేదు. మొమెంటంలో దిశే ప్రధానం. కొన్ని నెలలుగా తోటి షేర్లకంటే ఎక్కువ పెరిగినవి మరికొన్ని నెలలు ముందంజలోనే ఉంటాయన్న ధోరణిని 1993లో నరసింహన్ జెగదీశ్, షెరిడాన్ టిట్మన్ అమెరికా షేర్ల మీద లెక్కగట్టి చూపారు.

ఇప్పుడు మనమూ లెక్క వేద్దాం. రెండు షేర్లు తీసుకోండి. ఏడాది క్రితం రెండింటి ధరా 100. నెల క్రితం మొదటిది 140, రెండోది 110. ఈ నెలలో మొదటిది 126కు దిగింది, రెండోది 143కు ఎగబాకింది. ఏడాది మొత్తం చూస్తే పెరుగుదల 26 శాతం, 43 శాతం, రెండోదే మేలనిపిస్తుంది. కానీ మొమెంటం లెక్క నెల క్రితమే ఆగుతుంది. అప్పుడు మొదటిదానికి 40, రెండోదానికి 10. వరుస తారుమారైంది!

ఒక్క నెలలో వచ్చిన ఎగుడుదిగుళ్లలో కొంత భాగం తర్వాత వెనక్కి మళ్లుతుంది. డబ్బు అవసరమై ఎవరో పెద్ద మొత్తంలో అమ్మితే ధర పడుతుంది, ఆ ఒత్తిడి తీరగానే లేస్తుంది. నెలల తరబడి సాగే ధోరణిలో ఈ తాత్కాలిక కదలికను కలిపితే లెక్క మసకబారుతుంది.

ఇక అసలు ప్రమాదం. 2009 మార్చి నుంచి మే వరకు అమెరికాలో, అంతకుముందు అందరికంటే వెనకబడిన పదో వంతు షేర్లు 163 శాతం పెరిగాయి. ముందున్న పదో వంతు పెరిగింది 8 శాతమే. కారణం అర్థం చేసుకోవడం ముఖ్యం. మార్కెట్ కూలుతున్నప్పుడు మొమెంటం జాబితాలో పైకి వచ్చేవి బాగా పెరిగినవి కావు, తక్కువ పడినవి. మార్కెట్‌తో పాటు పెద్దగా కదలని షేర్లవి. మార్కెట్ ఒక్కసారిగా పైకి తిరిగితే అవి నెమ్మదిగానే కదులుతాయి; చితికిపోయినవి దూసుకుపోతాయి. వెనకబడినవాటిని అరువు తెచ్చి అమ్మినవారికి అది భారీ నష్టం. ముందున్నవాటిని కొని ఉంచుకున్నవారు మార్కెట్‌కంటే వెనకబడతారు.

దీన్ని ముందే పసిగట్టే మార్గం మీ చేతిలో ఉంది. దీర్ఘ పతనం తర్వాత, ఒడిదుడుకులు తీవ్రంగా ఉన్నప్పుడు, గత పాఠంలోని జాబితాను ఈ జాబితా పక్కన పెట్టండి. పేర్లలో సగానికి పైగా కలిస్తే, రెండు ఫ్యాక్టర్లలో డబ్బు పెట్టామనుకున్నా ఒకే పందెం కాసినట్టే. నేనైతే అప్పుడు మొమెంటం వాటాను తగ్గిస్తాను.

అభ్యాసం: మూడో షేరు ఏడాది క్రితం 200. మధ్యలో ఒక్కో షేరును రెండుగా విభజించారు. నెల క్రితం ధర 125. నేరుగా లెక్కిస్తే 37.5 శాతం పతనంలా కనిపిస్తుంది. పాత ధరను సవరించి, పై రెండింటి సరసన దీని స్థానం తేల్చండి. జవాబుతో వచ్చే పాఠం మొదలుపెట్టి, నాణ్యత కొలతలకు వెళదాం.