వానాకాలపు వీడియో కాల్ రికార్డింగును విడి ఆడియోతో బాగుచేసే ముందు జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద ఉండే రోజుల్లో కరెంటు, దానితోపాటు నెట్‌వర్కు ఎప్పుడు పోతాయో చెప్పలేము. అటువంటి ఒక సాయంత్రం నేను ఒంగోలులో కూర్చుని, ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే ఒక పెద్దాయనతో వీడియో కాల్‌లో మాట్లాడి, దాన్ని నా కంప్యూటరులో రికార్డు చేసుకున్నాను. ఏ పనికి నర్ది కర్ర వాడతారో, ఏ పనికి బిక్కి వాడతారో ఆయన చెబుతున్న చోటనే బొమ్మ బిగుసుకుపోయి, మాట తెగిపోయింది. ఆ రికార్డింగును బాగుచేయగలిగాను గానీ, మొదటిసారి చేసిన తప్పు వల్ల రెండు రాత్రులు వృథా అయ్యాయి. ఈ ఏడు వానలు మొదలయ్యేలోగా ఇటువంటి పని పెట్టుకున్నవారికి ఉపయోగపడుతుందని ఆ వివరాలు రాస్తున్నాను.

విడి ఆడియో అంటే ఏది అన్నది ముందు తేల్చుకోవాలి. కాల్ యాప్‌లు కొన్ని ఒక్కొక్కరి గొంతును ఒక్కొక్క ఫైలుగా ఇస్తాయి. అది చూసి మన పని అయిపోయిందనుకోకూడదు. మన కంప్యూటరులో తయారైన ఆ ఫైలులో అవతలి మనిషి గొంతు కూడా అదే నెట్‌వర్కు గుండా వచ్చినదే కనుక, వీడియోలో మాట పోయిన చోట అందులోనూ పోయే ఉంటుంది. నిజంగా అక్కరకు వచ్చేది అవతలి మనిషి పక్కనే, నెట్‌వర్కుతో సంబంధం లేకుండా రికార్డయిన శబ్దం. అందుకని కాల్‌కు ముందే ఆయన దగ్గర రెండవ ఫోన్ ఒకటి పెట్టించి, అందులో వాయిస్ రికార్డరును నడిపించాలి. కాల్ నడుస్తున్న ఫోన్‌లోనే రికార్డరు తెరిస్తే, ఆండ్రాయిడ్ మైకును కాల్‌కే అప్పగించి, రికార్డరుకు నిశ్శబ్దాన్ని మాత్రమే ఇచ్చే అవకాశం ఉంది. ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం కూడా తప్పనిసరి. లేకపోతే స్పీకరులోంచి వచ్చే మన గొంతు ఆ రికార్డింగులో చేరి, తరువాత విడదీయడానికి వీలులేకుండా పోతుంది.

వీడియోను, విడి ఆడియోను జత కలపడానికి గుర్తుగా చప్పట్లు కొట్టించడం పాత అలవాటు. వీడియో కాల్‌లో అది తరచు పనిచేయదు, ఎందుకంటే రొదను తగ్గించే ఏర్పాటు చప్పట్లను కూడా రొదగానే భావించి మింగేస్తుంది. దానికి బదులు మొదట్లోనూ చివరలోనూ, లైను తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ, కెమెరా వైపు చూస్తూ “పప్పు” అని రెండుసార్లు పలకమని చెప్పండి. ప అనేటప్పుడు పెదవులు మూసుకుని తెరుచుకుంటాయి గనుక బొమ్మలోనూ, శబ్దపు గీతలోనూ ఆ క్షణం స్పష్టంగా కనబడుతుంది. మా పెద్దాయన దీనికి బాగా నవ్వారు, కానీ చెప్పిన ప్రతిసారీ పలికారు.

ఎడిటింగుకు కూర్చునే ముందు అసలు ఫైళ్లను వేరే డిస్కులోకి నకలు తీసి, నకలు మీదనే పని చేయాలి. కాల్ రికార్డింగులలో సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది తరచు నిలకడగా ఉండదు. ఆ ఫైలును తిన్నగా ఎడిటరులో వేస్తే, నెట్‌వర్కు తప్పు లేని చోట కూడా పెదవులు, మాట కలవకుండా పోవచ్చు. అందువల్ల దాన్ని సెకనుకు 25 ఫ్రేములకు స్థిరపరచి, ఆ తరువాత బిగుసుకున్న చోట్లను, మాట ఆగిన చోట్లను వెతకాలి. ఈ రెండు పనులకూ ffmpeg అనే ప్రోగ్రాముకు ఇచ్చే ఆదేశాలు ఇవి.

```
ffmpeg -i call.mp4 -r 25 -c:v libx264 -crf 18 -c:a pcm_s16le edit.mov
ffmpeg -i edit.mov -vf freezedetect=n=-60dB:d=0.5 -af silencedetect=n=-50dB:d=0.3 -f null -
```

రెండవ ఆదేశం ఇచ్చే సమయాలను అనుమానపు చోట్లుగానే తీసుకోవాలి. మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగినా అది నిశ్శబ్దంగానే లెక్కవేస్తుంది. ఒకే తెరలో మన ముఖం కూడా కదులుతూ ఉంటే, అవతలి బొమ్మ బిగుసుకున్నా పట్టుకోలేదు. విడి ఆడియోను పక్కన పెట్టుకుని, అందులో మాట ఉండి కాల్‌లో లేని చోట మాత్రమే నిజంగా తెగినట్లు.

ఇక నేను తప్పు చేసిన సంగతి. పెద్దాయన ఫోన్ నా రికార్డింగు కంటే ముందు మొదలైంది గనుక, ఒకే మాట ఆయన ఫైలులో ఎన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుందో కొలిచాను. 1వ నిమిషం దగ్గర తేడా 21.40 సెకన్లు, 38వ నిమిషం దగ్గర 20.91 సెకన్లు. రెండు పరికరాల గడియారాలు కొద్దిగా వేరుగా నడుస్తున్నాయని అనుకుని, ఆడియో మొత్తాన్ని సమానంగా సాగదీసి రెండు కొసలనూ కలిపేశాను. కొసల దగ్గర అంతా బాగుంది, నడిమధ్యన మాత్రం పెదవులు ఒక దారిన, మాట ఒక దారిన పోయాయి.

మరి కొన్ని చోట్ల కొలిచిన తరువాత కారణం తెలిసింది. 12వ నిమిషంలో తేడా 21.43, 17వ నిమిషంలో 21.45, 19వ నిమిషంలో 20.86. గడియారాల వల్ల వచ్చే తేడా నిమిషానికి 0.003 సెకను చొప్పున మెల్లగా పెరుగుతోంది. 18వ నిమిషంలో లైను తెగి కలిసినప్పుడు మాత్రం, ఆయన మాట నాకు అంతకు ముందుకంటే 0.6 సెకను ఆలస్యంగా చేరడం మొదలై, తేడా ఒక్కసారిగా కిందికి దిగింది. మొత్తాన్ని సాగదీసిన నా లెక్క ప్రకారం 17వ నిమిషంలో 21.19 ఉండాలి, అంటే పావు సెకనుకు పైగా, ఆరు ఫ్రేములకు మించిన తప్పు. ఈ పొరపాటు కొసల దగ్గర ఎప్పటికీ కనబడదు. అందుచేత లైను తెగిన ప్రతి చోటుకూ ముందొకసారి, తరువాత ఒకసారి కొలవనిదే ఆడియోను సాగదీయకూడదు.

సరైన పద్ధతి ఏమిటంటే, విడి ఆడియోను కదలని కొలబద్దగా పరచి, వీడియోను దానికి అనుగుణంగా కత్తిరించడం. నా విషయంలో 0.6 సెకను అంటే 15 ఫ్రేములు. 18వ నిమిషంలో బిగుసుకున్న బొమ్మలోంచే ఆ 15 ఫ్రేములను తీసేస్తే, తరువాతి భాగమంతా వెనక్కి జరిగి మాటతో కలిసింది. అక్కడ నా గొంతు కూడా ఉంటే అదీ వీడియోతోపాటు తెగుతుంది కనుక చూసుకోవాలి; నా వైపు ఉన్నది “వినబడుతోందాండీ?” అన్న ఒక్క మాటే గనుక నష్టం లేదు. తేడా పెరిగే పక్షంలో దీనికి వ్యతిరేకంగా చేయాలి, అంటే బిగుసుకున్న చివరి ఫ్రేమును అంతమేరకు నిలిపి ఉంచాలి. గడియారాల వల్ల మిగిలిన తేడాకు సాగదీయడం అవసరమే లేదు; పదమూడు నిమిషాలకొకసారి విడి ఆడియోలోని మాటల నడుమ నిశ్శబ్దంలోంచి 40 మిల్లీసెకన్లు కోస్తే సరిపోయింది.

తెగిన చోట్ల మాత్రమే విడి ఆడియో అతికించి, మిగతాచోట్ల కాల్ ఆడియోను ఉంచాలనే ఆలోచన వస్తుంది. నేను దాన్ని సిఫారసు చేయను. కాల్ గొంతు సన్నగా, గది చప్పుడు లేకుండా ఉంటుంది. విడి ఆడియోలో ఫ్యాను, వాన, వీధిలో బండి అన్నీ ఉంటాయి కాబట్టి ప్రతి అతుకూ చెవికి తెలిసిపోతుంది. అవతలి మనిషి గొంతు మొదటినుంచి చివరివరకు విడి ఆడియోనే కావాలి. సరిచూసుకునేటప్పుడు కాల్ ఆడియోను ఎడమ చెవికి, విడి ఆడియోను కుడి చెవికి పంపి వింటే ఎక్కడ జారిందో వెంటనే తెలుస్తుంది; తరువాత కాల్ ఆడియోలో ఆయన గొంతును పూర్తిగా ఆపివేయాలి, లేదంటే డబ్బాలోంచి మాట్లాడినట్లు వినబడుతుంది.

బొమ్మ విషయానికి వస్తే, రాని ఫ్రేములను ఏ ఆడియో తెచ్చిపెట్టదు. అర సెకను లోపు బిగుసుకుంటే అలాగే వదిలేయవచ్చు. అంతకు మించితే, నోరు తెరుచుకుని కదలని ముఖం మీద చక్కని మాట వినబడడం తెగిన మాటకన్నా వింతగా ఉంటుంది. నర్ది, బిక్కి గురించి చెప్పిన చోట నేను ఆయన పంపిన చెంచాల ఫోటోను, బిగుసుకోవడానికి అర సెకను ముందు మొదలుపెట్టి, కదలిక వచ్చిన అర సెకను తరువాత తీసేశాను. కాబట్టి కాల్ రోజునే ఆ ఫోటోలను కూడా అడిగి తెప్పించుకోండి; తుఫాను మొదలైన తరువాత అవి కూడా రావు.