ఆర్‌ఓ నీటితో కాఫీ: రెండు సీసాల చిట్కా

ఆర్‌ఓ నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కనుక, ఎంత మంచి పొడి వేసినా కాఫీ పలచగా, పుల్లగా దిగుతుంది. దీనికి రెండు సీసాలు చాలు. అర లీటరు ఆర్‌ఓ నీటిలో 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్‌ను, మరో అర లీటరులో 5 గ్రాముల వంట సోడాను విడివిడిగా కరిగించి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎప్సమ్ సాల్ట్ ఆహారానికి పనికివచ్చే రకమే కావాలి. మొక్కలకు వేసేది వద్దు.

కాఫీ పెట్టే ముందు లీటరు నీటికి మొదటి సీసా నుంచి 20 మిల్లీలీటర్లు, రెండవ దాని నుంచి 7 మిల్లీలీటర్లు సూదిలేని సిరంజితో కొలిచి కలపాలి. ఎప్సమ్ సాల్ట్‌లోని మెగ్నీషియం కాఫీ పొడిలోని రుచిని బాగా లాగుతుంది, సోడా పులుపును అదుపులో పెడుతుంది. కాఫీ చప్పగా, సుద్దలా అనిపిస్తే సోడాను 4 మిల్లీలీటర్లకు తగ్గించాలి. పులుపు మిగిలితే కొద్దిగా పెంచాలి.

అయితే మన ప్యూరిఫయర్లలో చాలావాటికి మామూలు నీటిని కొంత కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో 50 పీపీఎం దాటితే ఈ కొలతలు ఎక్కువవుతాయి. పాలు కలిపే ఫిల్టర్ కాఫీలో ఈ తేడా అంతగా తెలియదు.