డౌన్ పేమెంట్ లెక్క – 4వ పాఠం: ఉన్నదంతా పోసేయాలా?

ఈ పాఠంలో వాహన రుణం మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. లక్ష అప్పు మీద 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు మొత్తం ఎంత కడతామో లెక్క వేయమన్నాను. అందరూ సరిగ్గానే వేశారు. నెలకు 900, మొత్తం దాదాపు 2 లక్షల 16 వేలు, అంటే వడ్డీ 1 లక్షా 16 వేలు. అక్కడితో ఆగితే గొడవ లేదు. ఎక్కువమంది ఇంకో వాక్యం చేర్చారు: "కాబట్టి డౌన్ పేమెంట్‌లో ఒక్కో లక్ష అదనంగా కడితే 1 లక్షా 16 వేలు లాభం. ఉన్నదంతా పోసేయడమే మంచిది."

తప్పు కొంత నాదే. ఆ అంకె ఎందుకు వాడకూడదో చెప్పకుండా అంకె ఒక్కటే చేతికిచ్చాను.

ఒక పాఠకుడి లెక్కే తీసుకుందాం. ఇంటి ధర 50 లక్షలు. దగ్గరున్నది 17 లక్షలు. రిజిస్ట్రేషన్, ఫీజులు, సామాను తరలింపు వంటి వాటికి 2 లక్షలు పక్కన పెట్టారు. మిగిలిన 15 లక్షలూ డౌన్ పేమెంట్ కట్టి 35 లక్షలు అప్పు తీసుకుంటానంటున్నారు. నేనైతే 10 లక్షలే కట్టి, 5 లక్షలు దగ్గర ఉంచుకోమంటాను. ఆయన లెక్కలో నా సలహా వల్ల నష్టం ఐదుసార్లు 1.16, అంటే 5 లక్షల 80 వేలు. నా లెక్కలో మొదటి ఏడాది నష్టం 15 వేలు.

ఇంత తేడా ఎక్కడిది? ఆయన అంకె నిజం కావాలంటే రెండు జరగాలి. ఆ 5 లక్షలు 20 ఏళ్లూ ఒక్క పైసా వడ్డీ తేకుండా బీరువాలో ఉండాలి. ఆ 20 ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా అప్పులో ముందుగా ఏమీ కట్టకూడదు. ఈ రెండూ ఎవరూ చేయరు. 5 లక్షలు 6 శాతం వచ్చే చోట ఉంచితే ఏడాదికి 30 వేలు వస్తుంది. అదే 5 లక్షల అప్పు మీద 9 శాతం చొప్పున కట్టేది 45 వేలు. తేడా 15 వేలు, నెలకు 1,250. వచ్చిన వడ్డీ మీద పన్ను పడితే ఇంకొంచెం పెరుగుతుంది. ఏడాది తర్వాత ఆ డబ్బు అవసరం లేదనిపిస్తే అప్పులో కట్టేయండి, నష్టం అక్కడితో ఆగిపోతుంది. అందుకే "20 ఏళ్లలో మిగిలే మొత్తం వడ్డీ" అనే అంకె చూపించి ఎవరైనా మిమ్మల్ని తొందరపెడితే నాకు ఒళ్లు మండుతుంది. డౌన్ పేమెంట్‌లో ఎక్కువ కట్టిన లక్షకు వచ్చే ప్రతిఫలం మీ అప్పు వడ్డీ రేటే, అంటే 9 శాతం. ఏళ్లు ఎన్ని కలిపినా ఆ రేటు మారదు.

ఇంకో విషయం. చేతిలో ఉన్న డబ్బును ఎప్పుడైనా అప్పులో కట్టవచ్చు. కట్టేసిన డౌన్ పేమెంట్‌ను మాత్రం అవసరం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేం. నా మొదటి ఇంటికి నేనూ ఉన్నదంతా పోశాను. నాలుగో నెలలో ఇంట్లో వైద్యం ఖర్చు వచ్చింది. లక్షన్నర కోసం 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకున్నాను. 9 శాతం అప్పు తగ్గించుకుని 14 శాతం అప్పు తెచ్చుకున్నానన్నమాట. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

5 లక్షలే ఎందుకు? 40 లక్షల అప్పుకు నెలకు 36 వేలు ఈఎంఐ. ఆ పాఠకుడి ఇంటి ఖర్చు 40 వేలు. రెండూ కలిపి ఆరు నెలలకు 4 లక్షల 56 వేలు. ఆరు నెలలనేది నా అలవాటు. ఇంట్లో రెండు జీతాలుంటే నాలుగు నెలలకు దిగుతాను, ఆదాయం నిలకడగా లేకపోతే తొమ్మిదికి వెళ్తాను. అయితే ఒక మాట. దగ్గరున్న డబ్బు సోఫాల మీదికో ప్రయాణాల మీదికో పోయే రకం మీరైతే ఈ పాఠం మీకు పనికిరాదు, కట్టేయండి.

మరి 10 లక్షలే ఎందుకు, 9 ఎందుకు కాదు? చాలామంది రుణదాతలు ఇంటి విలువలో అప్పు ఎంత శాతమో చూసి వడ్డీ రేటు పెడతారు. ఆ శాతాల్లో గీతలుంటాయి. కొన్ని దేశాల్లో 80 శాతం దాటితే రుణ బీమా ప్రీమియం కూడా మీ మీదే పడుతుంది. ఆ పాఠకుడికి వచ్చిన ఆఫర్‌లో గీత 80 దగ్గరుంది, దాటితే 9.25, లోపలైతే 9. తొమ్మిది లక్షలు కడితే అప్పు 41 లక్షలు, 82 శాతం, మొదటి ఏడాది వడ్డీ సుమారు 3,79,250. పది కడితే అప్పు 40 లక్షలు, వడ్డీ 3,60,000. అంటే పదో లక్ష మొదటి ఏడాదే 19,250 మిగిల్చింది, అది 19 శాతానికి పైనే. పదకొండో లక్ష మళ్లీ మామూలు 9 శాతమే. నా దగ్గరిదారి ఇదే: అప్పు గీత లోపలికి వచ్చేదాకా కట్టు, అక్కడ ఆగు.

ఆ ఇంటి విలువ ఎవరు కట్టినదో చూసుకోండి. సాధారణంగా మీరు మాట్లాడుకున్న ధర, రుణదాత మదింపు, ఈ రెండింటిలో తక్కువదే లెక్కలోకి వస్తుంది. మదింపు 48 లక్షలని తేలితే 80 శాతం 38.4 లక్షలే. డౌన్ పేమెంట్ 11.6 లక్షలవుతుంది, దగ్గరుంచుకున్న 5 లక్షలు 3.4కి పడిపోతాయి. అందుకే మదింపు కాగితం చేతికి రాకముందు అంకె ఖాయం చేసుకోవద్దు.

తర్వాత కడదాం అన్న మాటకు బలం ముందస్తు చెల్లింపు షరతులోనే ఉంది. శాంక్షన్ లెటర్‌లో ఆ పేరా వెతకండి. 3 శాతం రుసుము ఉంటే 5 లక్షలు కట్టినప్పుడు 15 వేలు పోతాయి, ఒక ఏడాది ఆగిన ఖర్చు రెట్టింపవుతుంది. స్థిర వడ్డీ రుణాల్లో ఇలాంటి రుసుములు తరచుగా కనిపిస్తాయి. ముందుగా కట్టాక ఈఎంఐ తగ్గిస్తారా, కాలం తగ్గిస్తారా అనేది కూడా అడగండి. నేను కాలమే తగ్గించమంటాను.

అభ్యాసం. వాహనం ఇక్కడ మొదలవుతుంది, కొంచెం కష్టంగానే ఉంటుంది. వాహనం విలువ ఏటా పడిపోతుంది. అప్పు అంతకంటే నెమ్మదిగా తరిగితే, ప్రమాదంలో వాహనం పూర్తిగా పోయినా దొంగలెత్తుకెళ్లినా, బీమా ఇచ్చే అప్పటి మార్కెట్ విలువ బాకీకి సరిపోదు. ధర 10 లక్షలు, కాలం 7 ఏళ్లు, వడ్డీ 10 శాతం అనుకోండి. అప్పు ప్రతి లక్షకూ మొదటి ఏడాది చివర బాకీ 89,600, రెండో ఏడాది 78,100, మూడో ఏడాది 65,500. వాహనం విలువ వరసగా 8 లక్షలు, 6.8 లక్షలు, 5.8 లక్షలు. ఈ మూడు తేదీల్లోనూ బాకీ విలువను దాటకుండా ఉండాలంటే కనీసం ఎంత డౌన్ పేమెంట్ కట్టాలి? జవాబు 1.07 లక్షలని వస్తే మీరు మొదటి ఏడాది దగ్గరే ఆగిపోయారన్నమాట.