సీరం రాశాక దురద, దద్దుర్లు: పర్జింగా, చెమటకాయలా, అలర్జీయా?

సపోర్ట్ టీమ్‌కు నమస్కారం.

విశాఖపట్నం మధురవాడలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మీ నియాసినమైడ్ సీరం పడలేదని రాస్తే, "ఇది పర్జింగ్, వాడుతూ ఉండండి. మీ ఊరి ఉక్కపోత కూడా కారణం కావచ్చు" అని జవాబిచ్చారు. ఈ సలహా విని ఇంకెవరైనా వాడకం కొనసాగిస్తే వాళ్ల ముఖం మరింత పాడవుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

లక్షణం

మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. రెండో వారంలో బుగ్గల మీద విపరీతమైన దురద, ఎర్రటి సన్న పొక్కులు వచ్చాయి. తర్వాత సీరం రాయని కనురెప్పలు కూడా ఉబ్బాయి.

కారణం

రెటినాయిడ్లు, గ్లైకాలిక్ లాంటి యాసిడ్లు చర్మకణాలు త్వరగా మారేలా చేస్తాయి. అప్పుడు మామూలుగా మొటిమలు వచ్చే చోటే ఇంకొన్ని మొటిమలు లేస్తే దాన్ని పర్జింగ్ అంటారు. నియాసినమైడ్ అలా పనిచేయదు. చెమటకాయలైతే ఎక్కువగా మెడ, వీపు, బట్ట ఒరుసుకునే చోట వస్తాయి, ఒళ్లు చల్లబడితే తగ్గుతాయి. నాకు రోజంతా ఏసీలో కూర్చున్నా తగ్గలేదు.

ఇక మిగిలినవి రెండు. చర్మం ఘాటుకు తట్టుకోలేకపోతే సాధారణంగా రాసిన కాసేపటికే మంట పుడుతుంది, రాసినంత మేరకే ఎర్రబడుతుంది. అలర్జీ అయితే ఆలస్యంగా వస్తుంది, మంటకన్నా దురద ఎక్కువ, పక్కలకు పాకుతుంది. నాది రెండోదానిలాగే ఉంది.

డాక్టరు గారి సలహాతో క్రీములన్నీ ఆపాను. దద్దుర్లు పూర్తిగా తగ్గాక, ఒక మోచేతి మడతలో సీరం, రెండో చేతికి పాత మాయిశ్చరైజర్ మాత్రమే ఉదయం, సాయంత్రం రాశాను. కొన్ని రోజులకు సీరం రాసిన చోటే దురద పుట్టింది. సీరమే కారణమని దీంతో తేలింది. కానీ అందులో ఏ పదార్థమో తేలలేదు. మీ లేబుల్ మీద సువాసనకు "పర్ఫ్యూమ్" అని ఒక్క మాటే ఉంది, దాని వెనక ఎన్నో రసాయనాలు ఉండొచ్చు. ప్రిజర్వేటివ్‌నూ కొట్టిపారేయలేం.

పరిష్కారం

వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేయాలన్నారు. పట్టీలు 48 గంటలు ఉంచి తీసేస్తారు, తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు, ఎందుకంటే ఈ అలర్జీ వెంటనే బయటపడదు. మీ సువాసనలో ఉన్న పదార్థాల పేర్లు, ప్రిజర్వేటివ్ పేరు, వీలైతే పరీక్షకు విడివిడి నమూనాలు నేరుగా డాక్టరు గారికి పంపండి. అవి లేకుండా పరీక్ష చేస్తే అసలు కారణం తప్పిపోవచ్చు, అదే పదార్థం రేపు ఇంకో క్రీములో నాకు ఎదురుకావచ్చు.

దురదతో రాసేవాళ్లకు మాత్రం ముందు వాడకం ఆపమనండి, సువాసన లేని మాయిశ్చరైజర్ చాలనండి, స్టెరాయిడ్ క్రీము సొంతంగా కొని రాసుకోవద్దనండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మీ జవాబు కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తమనండి.

బ్యాచ్ నంబరు, దద్దుర్ల ఫోటోలు జతచేశాను. సీసా నా దగ్గరే ఉంచాను, కావాలంటే పంపుతాను.